ఉద్దెరలో చిక్కిన పైసలు: పురుగుమందుల షాపులో రూపాయి ఎన్ని రోజులకు తిరిగొస్తుందో లెక్కగట్టడం, ఆ రోజులు తగ్గించుకోవడం

సెప్టెంబర్ నెలాఖరులో ఏ ఎరువుల, పురుగుమందుల షాపుకైనా వెళ్లి చూడండి. బయట బండ్లు, లోపల కౌంటర్ మీద మోచేతులు ఆనించి నిలబడ్డ రైతులు. బిల్లు మీద బిల్లు పోతూనే ఉంటుంది. సాయంత్రం గల్లా తీస్తే మాత్రం రేపు కంపెనీకి కొట్టాల్సిన ఆర్‌టీజీఎస్‌కు సగం పైసలు కూడా ఉండవు. నేను హనుమకొండలో ఉండి నర్సంపేట, పరకాల వైపు షాపుల లెక్కలు రాస్తుంటాను. ఏటా ఆ నెలలో వినే మాట ఒకటే: "గిరాకీ మంచిగనే ఉంది, పైసలే కనబడతలేవు."

ఆ పైసలు ఎక్కడ ఉన్నాయో, ఎన్ని రోజులుగా ఉన్నాయో చెప్పే లెక్కే క్యాష్ కన్వర్షన్ సైకిల్. మీరు సరుకు కోసం కట్టిన రూపాయి, గిరాకీ చేతి నుంచి మళ్లీ మీ గల్లాలోకి రావడానికి పట్టే రోజులన్నమాట. ఏ దుకాణానికైనా సూత్రం ఇదే. కానీ మన దగ్గర ఉద్దెర మీద నడిచే మందుల షాపులో ఇది ఎక్కువగా దెబ్బతీస్తుంది కాబట్టి ఆ షాపునే పట్టుకుని చెబుతాను.

ముందు ఒక్క డబ్బా వెంట నడవండి

లెక్కల పుస్తకం తెరవకముందు ఒక్క వస్తువు తీసుకోండి. పత్తిలో గులాబీ రంగు పురుగుకు కొట్టే మందు డబ్బా అనుకుందాం. జూన్ 20న కంపెనీ నుంచి వచ్చింది, 60 రోజుల గడువు మీద. షెల్ఫ్‌లో కూర్చుని ఆగస్టు 29న అమ్ముడుపోయింది, ఉద్దెరకు. అంటే సరుకుగా 70 రోజులు ఉంది. రైతు పత్తి అమ్ముకుని డిసెంబర్ 7న బాకీ కట్టాడు. అంటే ఉద్దెరగా మరో 100 రోజులు. మధ్యలో ఆగస్టు 19 నాటికే కంపెనీకి మీరు పైసలు కట్టేశారు.

జాగ్రత్తగా చూడండి. కంపెనీకి కట్టే రోజుకు ఆ డబ్బా ఇంకా షెల్ఫ్ మీదే ఉంది. ఆగస్టు 19 నుంచి డిసెంబర్ 7 దాకా, 110 రోజులు, ఆ డబ్బా ఖరీదును మీరే మోశారు. సరుకు రోజులు 70, ఉద్దెర రోజులు 100, రెండూ కలిపి అందులోంచి కంపెనీ ఇచ్చిన 60 రోజులు తీసేస్తే అదే 110 వస్తుంది. సూత్రమంతా ఇంతే.

షాపు మొత్తానికి లెక్క కట్టేటప్పుడు

నేను లెక్కలు చూసే ఒక షాపు అంకెలు చెబుతాను, సులువుగా ఉండేలా కొంచెం సరిచేసి. పురుగుమందులు, విత్తనాలు కలిపి ఏడాది అమ్మకాలు ₹1,09,50,000. అంటే రోజుకు ₹30,000. ఆ సరుకు కొన్న ధర ₹91,25,000, అంటే రోజుకు ₹25,000.

ఎరువులను ఈ లెక్కలో కలపలేదు. ఆ షాపులో యూరియా, డీఏపీ దాదాపు నగదు మీదే పోతాయి, వచ్చిన లోడు వచ్చినట్టే ఖాళీ అవుతుంది, మార్జిన్ కూడా తక్కువ. అవీ మందులూ కలిపి సగటు తీస్తే షాపు ఆరోగ్యంగా కనబడుతుంది, జబ్బు మాత్రం మందుల లైన్లో దాక్కుంటుంది. మీ షాపులో కూడా నగదు లైనును, ఉద్దెర లైనును విడదీసే లెక్క కట్టండి.

ఇంకో జాగ్రత్త. రైతు బాకీలో, కంపెనీ బాకీలో జీఎస్టీ కలిసే ఉంటుంది. కాబట్టి అమ్మకాలు, కొనుగోళ్లు, సరుకు అన్నీ జీఎస్టీ కలిపిన బిల్లు ధర మీదే తీసుకోండి. ఒకటి కలిపి ఇంకొకటి కలపకపోతే రోజులు తప్పొస్తాయి.

సూత్రాలు ఇవీ:

```
సరుకు రోజులు  = సగటు సరుకు ÷ రోజుకు కొన్న ధర
ఉద్దెర రోజులు  = సగటు రైతు బాకీలు ÷ రోజుకు అమ్మకం
కంపెనీ రోజులు = సగటు కంపెనీ బాకీ ÷ రోజుకు కొన్న ధర
సైకిల్ = సరుకు రోజులు + ఉద్దెర రోజులు − కంపెనీ రోజులు
```

ఇక్కడ 'సగటు' అన్న మాట దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. ఆడిటర్ ఇచ్చిన బ్యాలెన్స్ షీట్‌లోంచి మార్చి 31 అంకెలు తీసుకుంటారు. ఈ షాపులో మార్చి 31న సరుకు ₹10 లక్షలు, రైతు బాకీలు ₹12 లక్షలు, కంపెనీ బాకీ ₹7.5 లక్షలు. లెక్క కడితే 40 ప్లస్ 40 మైనస్ 30, అంటే 50 రోజులు. చూడటానికి బాగానే ఉంది. కానీ మార్చి నాటికి పత్తి పైసలు వచ్చేశాయి, వానాకాలం సరుకు ఇంకా దిగలేదు. మన వ్యాపారంలో చెరువు ఎండిన రోజు అది. ఎండిన రోజు లోతు కొలిస్తే మోకాలి లోతే కదా వస్తుంది.

కాబట్టి ఏప్రిల్ నుంచి మార్చి దాకా ప్రతి నెలాఖరు అంకె రాసి, పన్నెండింటినీ కూడి, పన్నెండుతో భాగించండి. ఈ షాపు రైతు బాకీలు లక్షల్లో ఇలా నడిచాయి: ఏప్రిల్ 11, మే 10, జూన్ 16, జూలై 30, ఆగస్టు 45, సెప్టెంబర్ 54, అక్టోబర్ 52, నవంబర్ 45, డిసెంబర్ 37, జనవరి 29, ఫిబ్రవరి 19, మార్చి 12. కూడితే 360, సగటు ₹30 లక్షలు. అంటే 100 రోజులు. అదే పద్ధతిలో సరుకు సగటు ₹17.5 లక్షలు, 70 రోజులు. కంపెనీ బాకీ సగటు ₹15 లక్షలు, 60 రోజులు. సైకిల్ 110 రోజులు. 50 అనుకున్నది రెండింతలకు పైనే ఉంది.

ఇప్పుడు రోజులను రూపాయల్లో చూడండి. సరుకు, బాకీలు కలిపి, కంపెనీ బాకీ తీసేస్తే ఏడాది సగటున ₹32.5 లక్షలు షాపులో ఇరుక్కున్నాయి. సెప్టెంబర్ 30న సరుకు 24, బాకీలు 54, కంపెనీ బాకీ 22, అంటే ₹56 లక్షలు. బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు, అంటే సీసీ లిమిట్, ₹15 లక్షలే. మిగతాది సొంత పైసలు కొంత, రెండు రూపాయల మిత్తికి తెచ్చింది కొంత. సెప్టెంబర్ టెన్షన్ ఎక్కడి నుంచి వస్తుందో ఇక్కడ తెలిసిపోతుంది. గిరాకీ ఎంత పెరిగితే అంత ఇరుక్కుపోతారు.

ఉద్దెర రోజులు: ఎక్కువ పని ఇక్కడే ఉంది

100 రోజులు ఉన్న చోట పది రోజులు తగ్గించడం, 60 ఉన్న చోట తగ్గించడం కంటే తేలిక. అందుకే ముందు ఖాతా పుస్తకం దగ్గర కూర్చోండి.

మొదటి పని, బాకీలను వయసు ప్రకారం విడదీయడం. 60 రోజుల లోపువి, 60 నుంచి 120 మధ్యవి, 120 నుంచి 180 మధ్యవి, ఆపైన ఉన్నవి. ఈ పని చేసేటప్పుడు ఒక మోసం బయటపడుతుంది, ఎవరూ కావాలని చేసింది కాదు. ఆ షాపులో ఒక రైతు పేజీ తీసి చూశాను. పైన "పాత బాకీ 38,400" అని ఒక్క లైను, దాని పక్కన ఉగాది తేదీ. ఆ కింద కొత్త బిల్లులు. ఆ 38,400 ఏ ఏడాదిది అని అడిగితే షాపాయన పాత పుస్తకం వెతికి తీశాడు. అందులో 24,000 రెండేళ్ల కిందటి మందులది, మిగతాది దాని మీద వేసిన మిత్తి. ఏటా ఉగాదికి కొత్త పుస్తకం తెరిచి మొత్తాన్ని ఎత్తి రాయడంతో రెండేళ్ల బాకీ కొత్త బాకీలా కనబడుతోంది. ఆ మిత్తి కూడా రావాల్సిన పైసల్లో కలిసి ఆస్తిలా కనబడింది. వసూలు కాని మిత్తి రాబడి కాదు. పాత బాకీని ముందుకు రాసేటప్పుడు అసలు బిల్లు తేదీనే రాయండి, మిత్తిని వేరే గడిలో పెట్టండి. ఇంకో సంగతి: ఖాతా బాకీ మీద దావా వేయడానికి చట్టం ఇచ్చే గడువు మూడేళ్లు. ఆ లోపు రైతు సంతకంతో బాకీ ఒప్పుకోలు తీసుకుంటే ఆ తేదీ నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. దావాల దాకా పోవాలని కాదు, సంతకం ఉన్న బాకీ మాటామాటా రాకుండా తీరుతుంది.

రెండో పని, గడువును పంటకు కట్టడం. "పంటకు కడతా" అన్నది గడువు కాదు. ఏ పంట అని అడగండి. వరి వాళ్ల కల్లం నవంబర్‌లో తేలుతుంది, కొనుగోలు కేంద్రంలో కాంటా అయ్యాక పైసలు ఖాతాలో పడతాయి. పత్తి అక్టోబర్ నుంచి జనవరి దాకా విడతలుగా ఏరుతారు. మిర్చి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఎనుమాముల మార్కెట్‌కు వస్తుంది. పత్తి రైతును, మిర్చి రైతును ఒకే పేజీలో ఒకేలా చూస్తే, పత్తి పైసలు ఇంటికొచ్చి ఖర్చయిపోయాక మీరు అడగడానికి వెళ్తారు. ఈ షాపులో ఖాతా పేజీ మీద మూల పెద్దగా 'ప', 'వ', 'మి' అని రాయించాం. పత్తి వాళ్లతో మాట ఇలా మార్చాం: మొత్తం చివర్లో కాదు, మొదటి ఏరుడు అమ్మగానే సగం. ఒక్క ఈ మార్పే నవంబర్ బాకీలను గట్టిగా దించింది.

దీనికి కూడా హద్దు ఉంది. అక్టోబర్‌లో వానలు పడితే పత్తిలో తేమ 12 శాతం దాటుతుంది, సీసీఐ కొనదు. రైతు ఆరబెట్టుకుని ఆగుతాడు, లేదా ప్రైవేటుకు తక్కువకు అమ్ముతాడు. అలాంటి ఏడాది గడువు నెల జరుగుతుందని ముందే లెక్కలో పెట్టుకోండి. ఆ సమయంలో ఇంటి ముందుకెళ్లి నిలబడితే బాకీ రాదు, గిరాకీ పోతుంది.

మూడో పని, నగదు ధర. రెండు రూపాయల మిత్తి లెక్కన 100 రోజుల ఉద్దెర మీకు నూటికి ఆరున్నర రూపాయలకు పైనే పడుతుంది. నగదు కట్టినవాళ్లకు నూటికి మూడు తగ్గించినా మీకు లాభమే. కానీ ఇప్పటికే నగదుకు కొనేవాళ్లు కూడా ఆ మూడు రూపాయలు తీసుకుంటారు. అందుకే ముందు లెక్క చూడండి: రోజుకు ₹30,000లో నగదు ₹6,000 అనుకుంటే, పాత నగదు మీద పోయేది రోజుకు ₹180. ఉద్దెర నుంచి నగదుకు మారే ప్రతి ₹1,000 మీద దాదాపు ₹35 మిగులుతుంది. అంటే కనీసం ఐదారు వేల అమ్మకం నగదుకు మారితేనే ఈ తగ్గింపు గిట్టుబాటు. నెల రోజులు పెట్టి చూసి, మారకపోతే ఆపేయండి.

ఇక ఎకరాకు ఇంత అని ఉద్దెర హద్దు పెట్టడం. కౌలు రైతుకు, సొంత భూమి రైతుకు ఒకే హద్దు పెట్టినా పరవాలేదు, కానీ పాత బాకీ 180 రోజులు దాటినవాళ్లకు కొత్త ఉద్దెర ఇచ్చే ముందు పాతదానిలో ఎంతో కొంత కట్టించుకోవాలి. మన ఊళ్లలో ఇది మొహమాటం పని. "కంపెనీ వాళ్లు సరుకు ఆపేస్తున్నరు అన్నా, పాతది ఇంత కడితే ఇది ఇస్త" అని కౌంటర్ దగ్గర కాకుండా పక్కకు పిలిచి చెబితే చాలామంది అర్థం చేసుకుంటారు.

సరుకు రోజులు: స్కీం దగ్గర ఆగి లెక్క కట్టండి

మందుల షాపులో సరుకు నిలిచిపోవడానికి పెద్ద కారణం రైతు కొనకపోవడం కాదు, మనం స్కీం కోసం ఎక్కువ దింపుకోవడం. కంపెనీ సేల్స్ ఆఫీసర్ నెలాఖరు టార్గెట్ కోసం వస్తాడు. "సేటు, ఇంకో మూడు లక్షలది తీసుకోండి, నాలుగు శాతం స్కీం." అంటే ₹12,000 చేతికి. ఆ సరుకు అమ్ముడుపోవడానికి మామూలు కంటే ఎక్కువగా, 150 రోజులు పడుతుందనుకుందాం. కంపెనీ గడువు 60 రోజులు. మిగతా 90 రోజులు మీరు మోయాలి. మూడు లక్షల మీద రెండు రూపాయల మిత్తి మూడు నెలలకు ₹18,000. పన్నెండు వేల కోసం పద్దెనిమిది వేలు ఇచ్చినట్టు. అమ్మాక ఉద్దెరలో పడే రోజులు ఇంకా కలపలేదు. ఈ లెక్క ఆయన ముందే కాగితం మీద కట్టండి. చాలాసార్లు ఆయనే "లక్షది తీసుకోండి, అదే స్కీం ఇప్పిస్తా" అంటాడు.

రెండోది, వాపసు. మందులకు గడువు తేదీ ఉంటుంది, దాటినది అమ్మడం నేరం. మిగిలిన విత్తనాలు వచ్చే సీజన్‌కు పనికిరావు. అందుకే ఇండెంట్ పెట్టేటప్పుడే ఏ తేదీలోగా ఎంత సరుకు వాపసు తీసుకుంటారో మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో రాయించుకోండి. నోటిమాట మీద నడిస్తే ఆ ఆఫీసర్ బదిలీ అయ్యాక కొత్తాయనకు ఏదీ తెలియదు. ఆ షాపులో వాపసు మాట రాతలో లేకపోవడం వల్ల ఒక మూలన ఉన్న అట్టపెట్టెలు మూడు సీజన్లు కదలలేదు. ప్రతి నెలాఖరు సరుకు లెక్కపెట్టేటప్పుడు 90 రోజులుగా ఒక్కటి కూడా అమ్మని వస్తువుల పేర్లు వేరే కాగితం మీద రాయండి. వాపసు తేదీ దాటకముందే ఆ కాగితం కంపెనీకి పోవాలి.

కంపెనీ రోజులు: పెంచడమే పని కాదు

సైకిల్ తగ్గించాలంటే కంపెనీకి ఆలస్యంగా కట్టడం తేలికగా కనబడుతుంది. ఇక్కడ నేను చాలామందిని ఆపుతాను. మొదటి కారణం క్యాష్ డిస్కౌంట్. వారంలో కడితే నూటికి నాలుగు తగ్గింపు, లేదంటే 60 రోజులు అన్నారనుకోండి. ఆ 53 రోజుల కోసం నాలుగు రూపాయలు వదులుకోవడమంటే నెలకు రెండు రూపాయల పావలా పైనే మిత్తి కట్టినట్టు. మీ సీసీ లిమిట్‌లో చోటు ఉంటే, బ్యాంకు మిత్తి దానికి సగం కూడా ఉండదు, వారంలోనే కట్టి డిస్కౌంట్ తీసుకోండి. సైకిల్ రోజులు పెరుగుతాయి, లాభం కూడా పెరుగుతుంది. రోజులు తగ్గించడం కోసం లాభం వదులుకోవద్దు. లిమిట్ నిండిపోయి, రెండు రూపాయలకు తెచ్చి కట్టాల్సి వస్తే మాత్రం ఆ డిస్కౌంట్‌లో మిగిలేది దాదాపు ఏమీ లేదు, వదిలేయండి.

రెండో కారణం పన్ను. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో అమ్మినవాళ్లకు కట్టకపోతే మీరు తీసుకున్న జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌ను వెనక్కి కట్టాలి, మిత్తితో. కట్టాక మళ్లీ తీసుకోవచ్చు కానీ అప్పటిదాకా ఆ పైసలు పోయినట్టే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న తయారీదారు దగ్గర సూక్ష్మపోషకాలు, జీవ ఉత్పత్తులు కొంటే ఇంకో లెక్క ఉంది. రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులో రాసుకున్న గడువులోగా, అదీ 45 రోజులు మించకుండా కట్టాలి, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో కట్టాలి. ఆ గడువు దాటి మార్చి 31కి బాకీ మిగిలితే, 2023-24 ఆర్థిక సంవత్సరం లెక్కల నుంచి ఆ ఖర్చు ఆ ఏడాది ఆదాయపన్నులో చెల్లదు, కట్టిన ఏడాదిలోనే చెల్లుతుంది. వాళ్ల బిల్లులను విడిగా ఫైలు చేసి ఫిబ్రవరిలో ఒకసారి చూసుకోండి.

బ్యాంకు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సీసీ లిమిట్ ₹15 లక్షలు ఉన్నంత మాత్రాన అంతా వాడుకోలేరు. ప్రతి నెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లోంచి కంపెనీ బాకీ తీసేసి, మార్జిన్ తీసేసి డ్రాయింగ్ పవర్, అంటే ఆ నెల మీరు ఎంతవరకు వాడుకోవచ్చో, లెక్క కడతారు. సాధారణంగా 90 రోజులు దాటిన బాకీలను అసలు లెక్కలోకే తీసుకోరు. కాబట్టి పాత ఉద్దెర మిమ్మల్ని రెండుసార్లు కొడుతుంది: పైసలు రావు, దాని మీద అప్పూ పుట్టదు.

ఏడాది తర్వాత ఏం మారింది

ఆ షాపులో ఒక వానాకాలం, ఒక యాసంగి ఇలా నడిపాక పన్నెండు నెలల సగటు మళ్లీ తీశాం. అమ్మకాలు దాదాపు అంతే. నాలుగైదు పెద్ద ఖాతాలు వేరే షాపుకు పోయాయి, నగదు గిరాకీ ఆ లోటు పూడ్చింది. సరుకు ₹14.5 లక్షలు, 58 రోజులు. బాకీలు ₹24 లక్షలు, 80 రోజులు. రెండు కంపెనీల దగ్గర క్యాష్ డిస్కౌంట్ తీసుకోవడం వల్ల కంపెనీ బాకీ ₹14 లక్షలకు, 56 రోజులకు తగ్గింది. సైకిల్ 110 నుంచి 82 రోజులకు వచ్చింది. ఇరుక్కున్న పైసలు ₹32.5 లక్షల నుంచి ₹24.5 లక్షలకు దిగాయి. విడుదలైన ఎనిమిది లక్షలతో ముందు తీర్చింది రెండు రూపాయల అప్పు. ఏడాదికి ₹1,92,000 మిత్తి మిగిలింది.

రోజులు తగ్గినప్పుడు అది నిజంగా తగ్గిందా అని ఒకసారి సరిచూసుకోండి. పాత బాకీలను రద్దు చేసి పుస్తకంలోంచి తీసేసినా ఉద్దెర రోజులు తగ్గుతాయి, కానీ గల్లాలోకి ఏమీ రాలేదు. అందుకే సైకిల్ పక్కనే 180 రోజులు దాటిన బాకీల మొత్తం కూడా రాయండి. వసూలు వల్ల ఆ మొత్తం తగ్గితేనే మెరుగైనట్టు.

ఈ లెక్క చేతిలో పెట్టుకుని కూర్చోవాల్సిన అసలు రోజు మే నెలలో వస్తుంది, వానాకాలం ఇండెంట్ పెట్టేముందు. పోయినేడు సెప్టెంబర్ 30 నాటి మూడు అంకెలు పైన రాయండి. ఈ ఏడు అమ్మకాలు ఎంత పెరుగుతాయనుకుంటున్నారో ఆ మేరకు వాటిని పెంచండి. వచ్చిన మొత్తం కింద మీ సొంత పైసలు, బ్యాంకు నిజంగా ఇచ్చే డ్రాయింగ్ పవర్ రాసి తీసేయండి. మిగిలేది ఎవరి దగ్గర, ఎంత మిత్తికి తేవాలో మే నెలలోనే తేలాలి. దానికి దారి కనబడకపోతే ఆ మేరకు ఇండెంట్‌లో ఉద్దెర మీదే పోయే మందుల పెట్టెలు కొట్టేసి, తగ్గించిన కాగితమే కంపెనీకి పంపండి.